ఆరో రోజు

రెండో బిడ్డ దక్కలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచిపెట్టి మీకు ఆశ కల్పించడం నాకిష్టం లేదు. ఎనిమిదో నెలలో, ఒళ్ళంతా నీరు పట్టి, ఒక్కసారైనా గొంతు విప్పకుండానే ఆ పసికందు తల్లి కడుపులోనే కన్నుమూసింది. ఆడపిల్ల. ఆ ఇంట్లో ఆడపిల్ల కావాలని అందరికన్నా ఎక్కువ కోరుకున్నది అత్తగారు.

ఆ తల్లికి నేను పేరు పెట్టడం లేదు. ఆమె ఒక్కతె కాదు. ఏలూరుకీ కైకలూరుకీ నడుమ కొల్లేటి లంకల్లోనూ, ఆకివీడు దిగువనా, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల పల్లెల్లోనూ, నెగెటివ్ రక్తంతో పుట్టి పాజిటివ్ రక్తం ఉన్నవాణ్ణి చేసుకున్న ఆడవాళ్ళ బతుకుల్లో ఈ కీడు ఏ దారిన నడుస్తుందో ఆ దారినంతా ఒక్క మనిషి మీద పెట్టి చెబుతున్నాను. మనుషులు కల్పితం. రక్తం చేసిన పని మాత్రం అక్షరాలా నిజం.

మన దేశంలో నెగెటివ్ రక్తం వాళ్ళు నూటికి అయిదుగురు, అటూ ఇటూ. ఆ కొద్దితనమే ఆమెకు మొదటి శాపమైంది. బాలింతకు ఏ కూర పెట్టాలో, ఏ గాలి తగలనివ్వకూడదో, పసిబిడ్డకు కడుపునొప్పి వస్తే ఏం చెయ్యాలో చెప్పడానికి లంకలో ఇంటికొక ముసలమ్మ ఉంది. ఈ ఒక్క విషయం మాత్రం ఏ ముసలమ్మకూ తెలియదు. ఇది అమ్మమ్మల నుంచి దిగివచ్చిన జ్ఞానం కాదు. కార్డు మీద ఎర్ర సిరాతో రాసిన రెండు ముక్కలుగా మాత్రమే ఆ ఇంట్లో అడుగుపెట్టింది: ఏ నెగెటివ్.

మూడో నెలలో నర్సమ్మ ఆ ముక్కల చుట్టూ సున్నా చుట్టింది. భర్త రక్తం చూపించుకు రమ్మంది. అతనిది ఓ పాజిటివ్. "ఏం కాదమ్మా, కానీ కాన్పయ్యాక ఒక ఇంజక్షను వేయించుకోవాలి, మర్చిపోకండి" అని చెప్పింది. మర్చిపోలేదు, నిజానికి ఆ ఇంట్లో ఎవరూ మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే ఈ కథకు ఇంత దుఃఖం ఉండేది కాదేమో.

ఎర్రకణాల పైపొర మీద డి అనే పదార్థం ఉంటే ఆ రక్తాన్ని పాజిటివ్ అంటాం, లేకపోతే నెగెటివ్. ఆమెకు లేదు, భర్తకు ఉంది. కడుపులో బిడ్డ తండ్రి నుంచి డి తెచ్చుకోవచ్చు. నెలలు నిండేదాకా తల్లి రక్తమూ బిడ్డ రక్తమూ మాయకు ఇటు ఒకటి అటు ఒకటి, దాదాపు కలవకుండానే ప్రవహిస్తాయి. కాన్పు సమయంలో మాయ విడివడేటప్పుడు బిడ్డ రక్తం కాస్త తల్లిలోకి జారుతుంది. ఒక మిల్లీలీటరు కూడా అక్కర్లేదు. తల్లి ఒంటికి డి అంటే తెలియదు. తెలియనిదాన్ని చూసి జ్ఞాపకం పెట్టుకుంటుంది, దాన్ని కూల్చే యాంటీబాడీలను తయారుచేయడం నేర్చుకుంటుంది. నేర్చుకోవడానికి వారాలు పడుతుంది. ఆలోగా ఆ బిడ్డ ఉయ్యాల్లో హాయిగా నిద్రపోతూ ఉంటాడు. అందుకే మొదటి బిడ్డకు సాధారణంగా ఏమీ కాదు. ఆ మొదటి బిడ్డ ఆరోగ్యమే ఇంటిల్లిపాదినీ నమ్మించి మోసం చేస్తుంది.

మొదటి అవకాశం ఏడో నెలలో వచ్చింది. 28వ వారం దగ్గర ఇండైరెక్ట్ కూంబ్స్ అనే రక్తపరీక్ష చేసి, తల్లిలో యాంటీబాడీలు ఇంకా పుట్టలేదని తేలితే, యాంటీ-డి ఇంజక్షను 300 మైక్రోగ్రాములు వేస్తారు. చివరి మూడు నెలల్లో చడీచప్పుడు లేకుండా జారే ఆ కొద్దిపాటి రక్తం నుంచి కాపాడడానికి. ఆ నెలలో బుడమేరూ తమ్మిలేరూ ఒక్కసారిగా వచ్చి కొల్లేట్లో పడ్డాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి తీసుకుపోయే తొందరలో లేదు. రోడ్డు మీదికి నీళ్ళొచ్చి బస్సులు ఆగాయి. నిండు మనిషిని దోనె ఎక్కించడం ఎందుకని పెద్దవాళ్ళు వద్దన్నారు. నీళ్ళు తీసేసరికి ఎనిమిదో నెల పడింది. ఆ నెల పరీక్షలో బరువు చూశారు, బీపీ చూశారు, ఇంజక్షను మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ తప్పు ఒక్కటే అయితే ఆమెను ముంచేది కాదు. ఏ ఇంజక్షనూ వేసుకోకుండా పాజిటివ్ బిడ్డను కన్న నెగెటివ్ తల్లుల్లో, రక్తం గ్రూపు ఇద్దరికీ పొసగిన సందర్భాల్లో, నూటికి 16 మంది దాకా ఈ యాంటీబాడీల బారిన పడతారు. కాన్పయ్యాక వేస్తే ఆ సంఖ్య ఒకటి రెండుకు దిగుతుంది. ఏడో నెలలోనూ వేస్తే వెయ్యికి ఒకరిద్దరు. అంటే అసలు కాపు కాన్పు తర్వాతిదే. అది ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఆ రోజుల్లో వెనక్కి వెళ్ళి ఎవరైనా ఆ ఇంటి గడపలో నిలబడగలిగితే ఎంత బాగుండును అనిపిస్తుంది. ఏమీ చేజారని రోజులవి.

కాన్పు పుట్టింటి దగ్గర ఊళ్ళో ఆసుపత్రిలో అయింది. అర్ధరాత్రి దాటాక మగపిల్లాడు, మూడు కిలోలకు పైనే. కెవ్వుమన్నాడు. బయట వరండాలో తాతగారు కళ్ళు తుడుచుకున్నాడు. ఆ క్షణంలో చేయాల్సిన పని ఒకటుంది, నిమిషం కూడా పట్టదు. బొడ్డు కోశాక మాయ వైపు మిగిలిన పేగులోంచి కాస్త రక్తం సీసాలోకి తీసి ల్యాబుకు పంపాలి. బిడ్డకు సూది గుచ్చనక్కర్లేదు, నొప్పి లేదు. ఆ రక్తంతో బిడ్డ గ్రూపు తెలుస్తుంది, డైరెక్ట్ కూంబ్స్ పరీక్ష కూడా అయిపోతుంది. ఆ రాత్రి ల్యాబులో మనిషి లేడు. సీసా ఎవరికీ గుర్తురాలేదు. మాయతోపాటు ఆ రక్తం కూడా బకెట్లోకి పోయింది.

మర్నాడు బిడ్డ మడమకు గుచ్చి రక్తం తీస్తామంటే, పచ్చిపసివాడికి సూదేమిటని అమ్మమ్మ ఒప్పుకోలేదు. ఆమెది ప్రేమ. ఆ ప్రేమను తప్పుపట్టే హక్కు నాకు లేదు. మూడో రోజు ఇంటికి పంపేటప్పుడు చీటీ మీద రాసిచ్చారు: బాబు గ్రూపు చూపించుకోండి, పాజిటివ్ అయితే యాంటీ-డి వేయించుకోండి. ఆ "అయితే" అన్న మాట దగ్గరే గడియారం అందరి కళ్ళ ముందూ తిరుగుతూ పోయింది. గ్రూపు తెలియనప్పుడు బిడ్డది పాజిటివ్ అనే అనుకుని ఇంజక్షను వేసేయాలి. ఒకవేళ బిడ్డ నెగెటివ్ అని తర్వాత తేలినా, వేసిన మందు వృథా అవుతుంది, అంతే. వేయకపోతే పోయేది మందు కాదు.

ఆ నాలుగైదు రోజులు ఇల్లు ఇల్లులా లేదు, పండగలా ఉంది. అత్తింటి నుంచి జనం దోనెల మీదా ఆటోల మీదా వచ్చారు. పిల్లవాడిది తాత ముక్కని ఒకరు, కాదు మేనమామ ముక్కని ఒకరు. ఆమె మంచం మీద పడుకుని నవ్వుతూ ఉంది. తన ఒంట్లో బిడ్డ తాలూకు ఎర్రకణాలు కొన్ని ఇంకా తిరుగుతున్నాయని, తన ఒళ్ళు వాటిని చదవడం మొదలుపెట్టిందని ఆమెకు తెలియదు. తలచుకుంటే నాకు ఆ నవ్వే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

ఆరో రోజు పొద్దున మేనమామ ఊరుకోలేక పిల్లవాడిని ఏలూరు తీసుకెళ్ళి రక్తం ఇప్పించాడు. మధ్యాహ్నానికి కాగితం వచ్చింది: ఓ పాజిటివ్. ఆ చీటీ, ఈ కాగితం పట్టుకుని మందుల షాపుకు వెళ్ళాడు. కౌంటరు దగ్గర మనిషి చీటీ చూసి అడిగాడు.

"కాన్పయి ఎన్నాళ్ళయిందండీ?"

"ఆరో రోజండీ ఇవాళ."

"అయితే లాభం లేదండీ. డెబ్భై రెండు గంటల్లోపు పడాలది. వేలు పోసి కొన్నా ఇప్పుడు నీళ్ళు పొడిచినట్టేనండీ. ఈసారి కాన్పుకి ముందే చూసుకోండి."

చెప్పినవాడు చెడ్డవాడు కాదు. డబ్బు దండగ చేయించకూడదనే చెప్పాడు. మేనమామ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కాడు. ఇంటికొచ్చి, "టైము దాటిపోయిందంట అక్కా, ఇంక అక్కర్లేదంట" అన్నాడు. టైము దాటిపోవడం, అక్కర్లేకపోవడం ఒకటే అయినట్టు.

ఆ 72 గంటల లెక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ షాపులో ఎవరికీ తెలియదు. తెలిసి ఉంటే కథ మరోలా నడిచేదేమో. 1930ల చివర అమెరికాలో రూత్ డారో అనే వైద్యురాలు, ఇలాంటి జబ్బుకే తన బిడ్డను పోగొట్టుకున్న తల్లి, బిడ్డ రక్తానికి సంబంధించినదేదో తల్లి ఒంట్లో విరోధం పుట్టిస్తోందని ఊహించి రాసింది. ఏ పదార్థమన్నది ఆమె సరిగ్గా పట్టుకోలేకపోయింది, దారి మాత్రం పట్టుకుంది. 1939లో ఫిలిప్ లెవైన్ మరొక తల్లి రక్తంలో ఆ విరోధాన్ని కళ్ళారా చూపించాడు. చచ్చిన బిడ్డను కన్న ఆమెకు భర్త రక్తం ఎక్కిస్తే ఒళ్ళు తిరగబడింది. ఆ తర్వాత పాతికేళ్ళకు ఇంగ్లండులో లివర్‌పూల్ వైద్యులూ, న్యూయార్కులో ఫ్రెడా, గోర్మన్, పొలాక్ అనే ముగ్గురూ విడివిడిగా ఒకే ఉపాయానికి వచ్చారు. బయటి నుంచి తయారైన యాంటీబాడీని ముందే ఎక్కిస్తే, అది బిడ్డ కణాలను తుడిచేస్తుంది, తల్లి ఒళ్ళు నేర్చుకునే వ్యవధే ఉండదు. న్యూయార్కు వాళ్ళు దీన్ని సింగ్‌సింగ్ జైల్లో ఖైదీలైన స్వచ్ఛంద మనుషుల మీద పరీక్షించారు. నెగెటివ్ ఖైదీలకు పాజిటివ్ కణాలు ఎక్కించాక, జైలు నిబంధనల వల్ల మూడు రోజుల దాకా మళ్ళీ లోపలికి వెళ్ళడం కుదరలేదని చెబుతారు. మూడో రోజు మందు వేశారు, పనిచేసింది. 1968లో మందు అమెరికాలో బజారుకొచ్చింది, దాంతోపాటు ఆ మూడు రోజులూ వచ్చాయి.

అంటే 72 గంటలన్నది మందు చచ్చిపోయే గడువు కాదు. అది పనిచేస్తుందని బాగా రుజువైన గడువు. ఎంత ముందు వేస్తే అంత మంచిదన్నది నిజమే. కానీ దాటిపోతే మానేయమని ఏ శాస్త్రమూ చెప్పలేదు. పది రోజుల్లోపు వేసినా కొంత రక్షణ ఉంటుందని ఇంగ్లండు వైద్యుల మార్గదర్శకం. 28 రోజుల దాకా వేయవచ్చని అమెరికా వైద్యులంటారు. మన ఇళ్ళలో పురుటి స్నానం పదకొండో రోజు. ఆ స్నానం ఇంకా కాలేదు, మైల ఇంకా తీరలేదు, బిడ్డకు పేరు పెట్టలేదు. అప్పటికింకా తలుపు పూర్తిగా మూసుకోలేదు. ఏలూరు బజారులో ఫ్రిజ్‌లో, రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలిలో, ఆ చిన్న సీసా ఉంది. దాన్ని తెచ్చి ఆమె జబ్బకు వేసి ఉంటే కచ్చితంగా కాపాడేదని నేను చెప్పలేను. కాపాడి ఉండవచ్చు. ఆ ఉండవచ్చు అన్నది ఆరో రోజు సాయంత్రం బస్సులో మడిచిన కాగితంలో ఇంటికి తిరిగి వచ్చేసింది.

రెండేళ్ళకు మళ్ళీ నెల తప్పింది. ఈసారి భర్త పట్టుదలగా ఉన్నాడు. పోయినసారి జరిగిన ఆలస్యం అతని మనసులో ముల్లులా ఉంది. ఏడో నెల రాగానే ఎవరూ చెప్పకుండానే ఏలూరు వెళ్ళి ఇంజక్షను కొన్నాడు. చల్లదనం పోకూడదని ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కులో పెట్టుకుని, ఒళ్ళో పట్టుకుని, చేపల చెరువుల గట్ల మీదుగా ఇంటికి తెచ్చాడు. దగ్గరుండి వేయించాడు. "ఈసారి ఏం కాదు" అన్నాడు ఆమెతో. ఆమె నమ్మింది.

చెరువు గట్టుకు నీరు ఉబుకుతున్నప్పుడు నాలుగు తట్టల మట్టి వేస్తే ఆగుతుంది. గండి పడి చెరువు పోయాక లారీల కొద్దీ మట్టి పోసినా పోయిన చేప తిరిగి రాదని కొల్లేటివాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. యాంటీ-డి అంతే. తల్లి ఒళ్ళు నేర్చుకోకముందే దాని పని. ఆమె ఒళ్ళు రెండేళ్ళ కిందటే నేర్చుకుంది. ఫ్లాస్కులో వచ్చిన ఆ మందు అంత ప్రేమతో వచ్చినా చేయగలిగింది ఏమీ లేదు. ఇంజక్షనుకు ముందు చేయాల్సిన ఇండైరెక్ట్ కూంబ్స్ పరీక్ష ఎవరూ చేయలేదు. మొదటి కాన్పు బాగానే జరిగింది కదా అనుకున్నారు. మూడో నెలలో చేసి ఉన్నా తెలిసేది. మొదటి బిడ్డ తాలూకు జ్ఞాపకం ఆమె రక్తంలో అప్పటికే రాసి ఉంది, చదివేవాళ్ళే లేకపోయారు.

చదివి ఉంటే ఏం జరిగేదో కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ దారి అప్పటికీ ఉంది. పరీక్షలో యాంటీబాడీ ఉందని తేలితే దాని బలాన్ని అంకెల్లో చూస్తారు. రక్తరసాన్ని రెట్టింపు రెట్టింపుగా పలుచన చేస్తూ పోయి, ఎక్కడిదాకా పనిచేస్తోందో కనిపెడతారు. పదహారో వంతుకు పలుచన చేసినా పనిచేస్తోందంటే జాగ్రత్తపడాల్సిన గీత దాటినట్టే. అప్పటి నుంచి వారం పది రోజులకోసారి డాప్లర్ స్కానులో బిడ్డ మెదడుకు పోయే రక్తనాళంలో వేగం చూస్తారు. కణాలు విరిగిపోయి రక్తం పలచబడితే అది వడిగా పరుగెత్తుతుంది. ఆ వారానికి ఉండాల్సిన వేగానికి ఒకటిన్నర రెట్లు దాటితే బిడ్డకు రక్తం చాలడం లేదని అర్థం. అప్పుడు స్కానులో చూస్తూ, తల్లి పొట్టలోంచి సూది పంపి, బొడ్డుపేగు సిరలోకి ఓ నెగెటివ్ రక్తం ఎక్కిస్తారు. కడుపులో బిడ్డకు రక్తం ఎక్కించవచ్చని 1963లో న్యూజీలాండులో విలియం లైలీ మొదట చేసి చూపించాడు. ఇవాళ పెద్ద నగరాల్లో ఈ పని చేయగలిగిన డాక్టర్లున్నారు. సరైన సమయానికి వెళ్ళిన బిడ్డల్లో ఎక్కువమంది బతుకుతున్నారు.

ఆమె సరైన సమయానికి వెళ్ళలేదు. వెళ్ళాలని తెలియదు.

31వ వారం దాటాక ఒక సాయంత్రం, "రెండ్రోజులై సరిగా తన్నట్లేదత్తయ్యా" అంది. అత్తగారు కాసిని చల్లటి మజ్జిగ తాగించి, ఎడమ పక్కకు పడుకోబెట్టి చూసింది. తెల్లవారేదాకా కాచుకుని బయల్దేరారు. స్కాను తీసిన డాక్టరు మాట్లాడకుండా చాలాసేపు చూసింది. బిడ్డ పొట్టలో నీరు, చర్మం కింద నీరు, గుండె చుట్టూ నీరు. విరిగిపోతున్న కణాల చోట కొత్తవి తయారుచేయాలని కాలేయమూ ప్లీహమూ పెరిగి పెరిగి అలిసిపోయాయి. గుండె ఆ పలచని రక్తాన్ని తోసి తోసి ఓడిపోతోంది. తల్లి రక్తం పరీక్షకు పోయింది. యాంటీబాడీ 256వ వంతు దాకా పలుచన చేసినా పనిచేస్తోంది. ఏడో నెలలో వేసిన ఇంజక్షను జాడ రక్తంలో ఉన్నా ఇంత అంకె రాదు. ఇది ఆమె సొంత ఒళ్ళు తయారుచేసినది.

విజయవాడ పంపారు. రక్తం కుదుర్చుకుని పొద్దున్నే ఎక్కిద్దామన్నారు. తెలతెలవారుతుండగా గుండె చప్పుడు వెతికితే దొరకలేదు.

మాయ మామూలు కంటే పెద్దదిగా, పాలిపోయి, నీరు నిండి వచ్చింది. పాపను తుడిచి తెల్లటి గుడ్డలో చుట్టి ఇచ్చారు. జుట్టు ఒత్తుగా ఉంది. భర్త ఆ స్థితిలోనూ డాక్టరును అడిగాడు, యాంటీ-డి ఇప్పుడు తెమ్మంటారా, ఎంతదూరమైనా వెళ్ళి తెస్తాను అని. డాక్టరు అతని భుజం మీద చెయ్యి వేసి, "ఇంక ఆవిడకు ఆ ఇంజక్షనుతో పని లేదు బాబూ" అంది. ఆ మాట అర్థం కావడానికి అతనికి ఇంటికొచ్చేదాకా పట్టింది. ఒకసారి నేర్చుకున్న ఒళ్ళు మళ్ళీ మరచిపోదు. తర్వాత వచ్చే పాజిటివ్ బిడ్డకు ప్రమాదం ఇంకా ముందు వారాల్లోనే మొదలవుతుంది. ఆమె మళ్ళీ కనలేదు.

మీ ఇంట్లో నెగెటివ్ రక్తం ఉన్న ఆడపిల్ల ఎవరైనా ఉంటే, గర్భం నిలవకపోయినా, మధ్యలో పోయినా ఈ ఇంజక్షను గురించి డాక్టరునడగండి. ఏడో నెలలో కూంబ్స్ పరీక్ష చేయించి ఇంజక్షను వేయించండి. అది ఒంట్లో పన్నెండు వారాలకు మించి నిలవదు కాబట్టి కాన్పయ్యాక మళ్ళీ వేయాలి. బిడ్డ పుట్టిన గదిలోనే బొడ్డు రక్తం తీయమని చెప్పండి. రిపోర్టు ఆలస్యమైతే దాని కోసం ఆగవద్దని చెప్పండి. ఎవరైనా టైము దాటిపోయిందని అంటే, ఆ మాట మందుల షాపులో విని తిరిగి రాకండి. ఆరో రోజైనా, పదో రోజైనా, ఆ తర్వాతైనా, కాన్పుల డాక్టరు దగ్గరికి వెళ్ళి అడగండి.